చప్పని నీరు

తెలుగునాట ‘మినరల్ వాటర్’ అనే మాట వాడుకలో స్థిరపడి చాలా కాలమైంది. పెళ్లి పందిళ్లలో వడ్డన మొదలుకాకముందే నీలిరంగు డబ్బాలు వచ్చి చేరుతాయి. బస్టాండు పక్కన హోటల్లో కూర్చున్నవాడు “మామూలు నీళ్లా, మినరల్ వాటరా?” అని అడిగించుకోకుండా టిఫిను తినలేడు. పల్లెల్లో సైతం 20 లీటర్ల డబ్బా లేని ఇల్లు అరుదు. మినరల్ అంటే ఖనిజం. కాబట్టి మినరల్ వాటర్ అంటే ఖనిజాలు గల నీరు కావాలి. అయితే ఆ నీలిరంగు డబ్బాలోని నీటినుంచి యంత్రం తొలగించింది సరిగ్గా ఆ ఖనిజాలనే. ఉప్పు వేయని చారుకు ఉప్పుచారు అని పేరు పెట్టినట్లున్నదీ వ్యవహారం.

అసలైన సహజ ఖనిజజలం వేరే ఉన్నది. వాన నీరో, మంచు కరిగిన నీరో నేలలోకి ఇంకి, రాతి పొరల మధ్య ఏళ్ల తరబడి ప్రయాణించి, ఆ రాళ్లలోని కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేటు వంటివాటిని తనలో కరిగించుకొని ఊటగా పైకి వస్తుంది. దానిని పుట్టినచోటనే సీసాలకెత్తుతారు. దానిలోని ఖనిజాల కూర్పును మార్చే శుద్ధి ఏదీ చేయకూడదు. ఫ్రాన్సులో ఆల్ప్స్ పర్వతాల చెంతనున్న ఏవియాన్ ఊటనీటిలో లీటరుకు సుమారు 80 మిల్లీగ్రాముల కాల్షియం, 26 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉంటాయి. మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ ఈ రెండు రకాల నీటికీ వేర్వేరు ప్రమాణాలు రచించింది. సహజ ఖనిజజలానికి ఐ.ఎస్. 13428, తక్కిన సీసా నీటికి ఐ.ఎస్. 14543. సీసాపై ముద్రించిన ఈ అంకెను చూస్తే లోపలిది ఏ నీరో తెలుస్తుంది. ఊరి ప్లాంటులో పట్టి తెచ్చుకునే డబ్బాపై మాత్రం చాలాసార్లు ఏ అంకే ఉండదు.

ఈ తేడా కేవలం పేరుకు సంబంధించినదైతే ఇంత చర్చ అనవసరం. నల్లగొండ జిల్లా మర్రిగూడ ప్రాంతంలోని ఒక ఇంట్లో ఇది ఒక వృద్ధురాలి ఎముకలకు సంబంధించిన ప్రశ్న అయింది. ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. పొలం పనులు మానుకొన్న తాత, నడుము వంగిపోయిన నాయనమ్మ, ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్న మనవరాలు. ఇంటి వెనుక బోరు ఉంది. వాకిట్లో కృష్ణా నీరు వచ్చే నల్లా ఉంది. వంటింటి గట్టు మీద డబ్బా ఉంది. మూడు రకాల నీళ్లున్న ఆ ఇంటికి ఒకనాటి మధ్యాహ్నం నీటి శుద్ధి యంత్రాలు అమ్మే యువకుడు వచ్చాడు.

అతడు సంచిలోనుంచి ఒక చిన్న పరికరం తీశాడు. దానికి రెండేసి లోహపు కడ్డీలున్నాయి. ఒక గ్లాసులో నల్లా నీళ్లు, మరొక గ్లాసులో డబ్బా నీళ్లు పోయించి, కడ్డీలను ముంచి, తీగను గోడలోని ప్లగ్గుకు తగిలించాడు. రెండు నిమిషాలు గడిచేసరికి నల్లా నీళ్లు ఆకుపచ్చగా మారి, తరువాత మట్టిరంగుకు తిరిగి, పైన తెట్టు కట్టాయి. డబ్బా నీళ్లు అద్దంలా అలాగే ఉన్నాయి. “చూశారా తాతా, మీరు రోజూ తాగే నల్లా నీళ్లలో ఉన్న మురికి ఇది” అన్నాడు అతడు. నాయనమ్మ ముఖం పక్కకు తిప్పుకొన్నది. తాత యంత్రం ధర అడిగాడు.

మనవరాలు మాత్రం కడ్డీల వంక చూస్తున్నది. గ్లాసులో ముంచిన రెండింటిలో ఒకటి ఇనుముది, మరొకటి తెల్లగా మెరిసే అల్యూమినియంది. విద్యుద్విశ్లేషణ పాఠం ఆమె ఆ ఏడాదే చదివింది. “అన్నా, ఆ డబ్బా నీళ్లల్ల చిటికెడు ఉప్పేసి మళ్లొకసారి పెట్టండి” అన్నదామె. అతడు ఏదో చెప్పబోయాడు గాని, తాత అప్పటికే ఉప్పు జాడీ తెచ్చాడు. ఉప్పు కలిసిన డబ్బా నీళ్లు నల్లా నీళ్లకంటె వేగంగా రంగు మారాయి.

జరిగినదానిలో వింత లేదు. నీటిలో లవణాలు ఉంటే విద్యుత్తు ప్రవహిస్తుంది. విద్యుత్తు ప్రవహిస్తే ఇనుప కడ్డీ కొద్దికొద్దిగా కరుగుతుంది. కరిగిన ఇనుము నీటితో కలిసి ఆకుపచ్చని హైడ్రాక్సైడుగా మారి, గాలి తగిలిన కొద్దీ తుప్పు రంగుకు తిరుగుతుంది. గ్లాసులో కనిపించిన మురికి నల్లాలోనుంచి వచ్చినది కాదు, అమ్మకందారు సంచిలోని ఇనుప కడ్డీనుంచి వచ్చినది. డబ్బా నీటిలో లవణాలు దాదాపు లేవు. విద్యుత్తు ప్రవహించదు, కడ్డీ కరగదు, రంగు మారదు. ఆ ప్రయోగం రుజువు చేసేది ఒక్కటే: ఒక నీటిలో ఖనిజాలు ఉన్నాయి, మరొక నీటిలో లేవు. అది మంచో చెడో ఆ ప్రయోగం చెప్పదు. (ఇంటి విద్యుత్తుతో నడిచే అటువంటి పరికరాన్ని పిల్లలు స్వయంగా ముట్టుకోవడం ప్రమాదకరం. ఆ అమ్మాయి అతనిచేతనే చేయించడం వివేకం.)

యువకుడు ఓటమిని ఒప్పుకోలేదు. జేబులోనుంచి కలం వంటి మీటరు తీసి మూడు నీళ్లలోనూ ముంచాడు. బోరు నీటికి 900, నల్లా నీటికి 320, డబ్బా నీటికి 45 చూపింది. “ఎంత తక్కువైతే అంత శుద్ధం” అన్నాడు. ఈ అంకెను టి.డి.ఎస్. అంటారు. లీటరు నీటిలో కరిగి ఉన్న మొత్తం ఘనపదార్థం ఎన్ని మిల్లీగ్రాములో అది తెలుపుతుంది. నిజానికి ఆ కలం పదార్థాలను తూచదు. నీటి విద్యుద్వాహకతను కొలిచి, దానినుంచి అంచనా కట్టి చెబుతుంది. అందులో కరిగి ఉన్నది ఎముకలకు మేలుచేసే కాల్షియమా, కీడుచేసే ఫ్లోరైడా అన్నది దానికి తెలియదు. సూక్ష్మక్రిములు ఉన్నాయో లేవో అసలే తెలియదు. ఆ ఇంటి బోరు నీటిలో లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉన్నదని జిల్లా ప్రయోగశాలవారు ఎప్పుడో తేల్చారు. ఆ ఫ్లోరైడును మొత్తం తీసివేసినా కలం చూపే అంకె 900 నుంచి 897కు మాత్రమే దిగుతుంది. అంతటి విషాన్ని అది గుర్తించనైనా గుర్తించదు.

ఆ 3 మిల్లీగ్రాముల కథ చిన్నది కాదు. మన దేశంలో నీటిలోని ఫ్లోరైడువల్ల మనుషుల ఎముకలు చెడుతున్నాయని వైద్యులు మొదట ప్రకటించినది 1937లో, నాటి మద్రాసు రాష్ట్రంలోని తెలుగు పల్లెలను చూచి. నల్లగొండ జిల్లా ఆ వ్యాధికి తరువాతి కాలంలో మారుపేరయింది. పళ్లపై గోధుమరంగు చారలు, బిగుసుకుపోయిన మెడ, వంగని వెన్ను, వంకర తిరిగిన కాళ్లు ఎన్నో ఇళ్లలో కనిపించేవి. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదనీ, మరో దారి లేనప్పుడు 1.5 వరకు సహించవచ్చుననీ మన ప్రమాణం. నీటిని కాచితే ఫ్లోరైడు పోతుందని కొందరనుకొంటారు. కాచితే ఆవిరయ్యేది నీరే కాబట్టి మిగిలినదానిలో ఫ్లోరైడు చిక్కబడుతుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును అడుగుకు దింపే పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించి, దానికి ‘నల్లగొండ పద్ధతి’ అని ఈ జిల్లా పేరే పెట్టింది. ఒక జిల్లాకు దక్కవలసిన కీర్తి అది కాదు.

నాయనమ్మ ఆ బోరు నీళ్లతోనే, అంతకుముందు అటువంటి బావి నీళ్లతోనే యాభై ఏళ్లు గడిపింది. ఊళ్లో ఆర్.ఓ. ప్లాంటు పెట్టిన తరువాతనే ఆ నీరు మానింది. కాబట్టి ఆ ఇంట్లో ఆర్.ఓ. నీటిని తీసిపారేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. మనవరాలి పళ్లు తెల్లగా ఉన్నాయంటే ఆ డబ్బా నీళ్ల చలవే.

ఆర్.ఓ. అంటే తిరోగామి ద్రవాభిసరణ. పలుచని పొరకు ఒకవైపు మంచినీరు, మరొకవైపు ఉప్పునీరు ఉంచితే మంచినీరు సహజంగా ఉప్పునీటివైపు పోతుంది. ఎండుద్రాక్షను నీళ్లలో వేస్తే ఉబ్బేది ఇందువల్లనే. ఉప్పునీటివైపు బలంగా ఒత్తిడి పెడితే ప్రయాణం తారుమారవుతుంది. నీరు పొరను దాటి ఇవతలికి వస్తుంది, లవణాలు అవతలే ఆగిపోతాయి. ఈ పనికి తగిన పొరను కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, మన దేశంలో పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి 1960 ప్రాంతంలో తయారుచేశారు. 1965లో కాలిఫోర్నియాలోని కోలింగా అనే ఉప్పునీటి ఊరు ఆ పొరతో శుద్ధిచేసిన నీటిని మొదటిసారి తాగింది. ఒకప్పుడు ఆ ఊరికి తాగునీరు రైలుపెట్టెల్లో వచ్చేది.

పొరకు విచక్షణ లేదు. ఫ్లోరైడును ఆపినట్లే కాల్షియంనూ ఆపుతుంది. ఆ ఇంటి బోరు నీటిలో ఫ్లోరైడు 3, కాల్షియం 60, మెగ్నీషియం 45 మిల్లీగ్రాములు ఉన్నాయనీ, పొర ప్రతిదానిలో నూటికి 95 వంతులు ఆపుతుందనీ అనుకొందాం. బయటికి వచ్చే నీటిలో ఫ్లోరైడు 0.15, కాల్షియం 3, మెగ్నీషియం 2.25 మిల్లీగ్రాములు మిగులుతాయి. ఎండలో పనిచేసే మనిషి రోజుకు 3 లీటర్లు తాగితే, బోరు నీటినుంచి 180 మిల్లీగ్రాముల కాల్షియం, 135 మిల్లీగ్రాముల మెగ్నీషియం లభించేవి. డబ్బా నీటినుంచి లభించేవి 9, 7 మాత్రమే.

ఈ నష్టం పెద్దదా, చిన్నదా? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. మెగ్నీషియం పురుషులకు 440, స్త్రీలకు 370 కావాలి. అంటే బోరు నీరు కాల్షియంలో ఆరో వంతుకంటె కొంచెం ఎక్కువగానూ, మెగ్నీషియంలో దాదాపు మూడో వంతుగానూ సాయపడుతూ ఉండేది. డబ్బాతో ఆ సాయం నిలిచిపోయింది. అయితే మనిషి ఖనిజాలను నీటినుంచి మాత్రమే తీసుకోడు. గ్లాసు పాలలో సుమారు 240 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. 50 గ్రాముల రాగిపిండితో కాచిన అంబలిలో ఇంచుమించు 180 ఉంటుంది, మెగ్నీషియం 70 దాటుతుంది. 3 లీటర్ల బోరు నీటిలోని కాల్షియంను ఒక గిన్నెడు అంబలి ఇవ్వగలదు. రెండుపూటలా పాలు, పెరుగు, పప్పు, ఆకుకూరలు తినేవాడు చప్పని నీరు తాగినా ఏమీ కోల్పోడు.

ప్రమాదమల్లా పళ్లెం కూడా చప్పనైనప్పుడు. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యంలో 100 గ్రాములకు కాల్షియం 10 మిల్లీగ్రాములు కూడా ఉండదు. ఆ అన్నం, పలుచని చారు, పచ్చిపులుసు, అప్పుడప్పుడు కూరగాయ — ఇదే భోజనమైన ఇంట్లో నీటిలోని 180 మిల్లీగ్రాములు చిన్న మొత్తం కాదు. ఫ్లోరైడు ప్రాంతంలో దీనికి మరొక కోణం ఉన్నది. కాల్షియం తక్కువగా తినేవారి ఎముకలను ఫ్లోరైడు మరింత తీవ్రంగా దెబ్బతీస్తుంది. ఫ్లోరైడు ప్రాంతంలో పిల్లల మోకాళ్లు లోపలికి వంగి, ఎముకలు పలుచబడుతున్న తీరును జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో లోకానికి తెలిపారు. కాబట్టి అక్కడ డబ్బా నీరు ఒక శత్రువును, ఒక మిత్రుణ్ణి ఒకేసారి ఇంటినుంచి పంపించివేసింది. శత్రువు పోవడమే ముఖ్యం. మిత్రుణ్ణి పళ్లెంలోకి తిరిగి పిలవడం మాత్రం చాలా ఇళ్లు మరచిపోయాయి.

మరి చప్పని నీరు నిజంగా హాని చేసిందన్న సాక్ష్యం ఉన్నదా? 2000 నుంచి 2002 వరకు చెక్, స్లొవాక్ దేశాల్లో చాలా ఇళ్లవారు కుళాయిలకు ఆర్.ఓ. యంత్రాలు బిగించుకొన్నారు. వారాలు, నెలలు గడిచేలోగా కొందరికి నీరసం, కండరాలు పట్టేయడం, గుండెకు సంబంధించిన ఇబ్బందులు కనిపించాయి. అవి మెగ్నీషియం లోపాన్ని పోలిన లక్షణాలు. ప్రాగ్ నగరంలోని జాతీయ ప్రజారోగ్య సంస్థకు చెందిన ఫ్రాంటిషెక్ కోజిషెక్ వీటిని వివరిస్తూ రాసిన వ్యాసాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో తన గ్రంథంలో చేర్చింది. తాగునీటిలో లీటరుకు కనీసం 20 మిల్లీగ్రాముల కాల్షియం, 10 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉండాలని ఆయన సూచన. ఆ కనీస అంకెలను ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ప్రమాణంగా స్వీకరించలేదు. ఎందుకంటే ఆ ఫిర్యాదులు ఇళ్లనుంచి వచ్చినవే గాని, తాగినవారిని, తాగనివారిని పక్కపక్కన ఉంచి చేసిన పరీక్షనుంచి వచ్చినవి కావు. కఠినజలం తాగే ప్రాంతాల్లో గుండెజబ్బు మరణాలు తక్కువని చాలా దేశాల అధ్యయనాల్లో కనిపించింది. దానికి మెగ్నీషియమే కారణమని ఇంకా నిస్సందేహంగా తేలలేదు.

ఆర్.ఓ. నీరు ఎముకల్లోని సున్నాన్ని కరిగించి లాగేస్తుందనే ప్రచారం మాత్రం అతిశయోక్తి. ఆ నీరు కొద్దిగా ఆమ్లస్వభావం గలదే. నీటిలో కరిగిన బొగ్గుపులుసు వాయువు పొరను దాటిపోతుంది, దానిని అదుపుచేసే బైకార్బొనేటు ఆగిపోతుంది, అందువల్ల ఆ ఆమ్లత్వం. కాని మన జఠరరసం దానికంటె ఎన్నోవేల రెట్లు ఆమ్లగుణం గలది. గొంతు దాటిన తరువాత ఈ తేడాకు అర్థం లేదు. ఆ నీరు కరిగించేది ఎముకలను కాదు, తనను మోసే లోహాలను. సీసం కలిసిన అతుకులు, నాసిరకం ఇత్తడి కుళాయిలు ఉన్నచోట ఖనిజాలు లేని నీరు ఆ లోహాలను త్వరగా తనలో కలుపుకొంటుంది. అందుకే దానిని అటువంటి గొట్టాల్లో పారించకూడదు.

వంటింట్లో ఒక నష్టం కంటికి కనిపించకుండా జరుగుతుంది. ఖనిజాలు లేని నీటిలో కూరగాయలు, ధాన్యం ఉడికించి ఆ నీటిని వార్చేస్తే, వాటిలోని కాల్షియం, మెగ్నీషియం నూటికి 60 వంతుల వరకు నీటిలోకి పోవచ్చునని కోజిషెక్ వ్యాసమే చెబుతున్నది. కఠినజలంలో ఉడికిస్తే నష్టం చాలా తక్కువ. డబ్బా నీళ్లతో అన్నం వండి గంజి వార్చే ఇల్లు నీటిలోని ఖనిజాలతో పాటు గింజలోనివి కూడా కొంత పారబోసుకొంటున్నది. ఆ ఇంట్లో గంజి గేదె కుడితిలోకి వెళ్లేది. ఒక్క గేదెకే లాభం.

ఇక రుచి. పిల్లలు డబ్బా నీళ్లను “తియ్యగా ఉన్నాయి” అంటారు, కొందరు పెద్దలు “చప్పగా ఉన్నాయి” అంటారు. నీటి రుచి నీటిలో సగమే ఉంది. తక్కిన సగం నాలుకలో ఉంది. మన లాలాజలంలో ఎప్పుడూ కొంత ఉప్పు ఉంటుంది. నాలుక దానికి అలవాటుపడి, దానిని రుచిలేనిదిగా లెక్కిస్తుంది. అంతకంటె తక్కువ ఉప్పున్న నీరు తగిలినప్పుడు ఆ లోటునే ఒక వెలితి రుచిగా, కొందరు ఒక చిన్న చేదుగా గుర్తిస్తారు. అమెరికా శాస్త్రజ్ఞురాలు లిండా బార్టోషుక్ నాలుకకు ముందు తగిలిన పదార్థాన్ని బట్టి నీటి రుచి మారే తీరును పరిశోధించారు. మనకు ఆ సంగతి ఉసిరికాయ ఎన్నడో నేర్పింది. ఉసిరికాయ నమిలి మంచినీళ్లు తాగితే ఆ నీళ్లు తియ్యగా అనిపిస్తాయి. నీటిలో చక్కెర చేరలేదు, నాలుక మారింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రుచిని బట్టి చేసిన తరగతుల్లో టి.డి.ఎస్. 300 లోపు నీరు శ్రేష్ఠం, 300 నుంచి 600 వరకు మంచిది, 1200 దాటితే తాగలేనిది. మరీ తక్కువైతే ఆ నీరు కూడా చప్పదనంవల్ల అంగీకరించరానిది కావచ్చునని ఆ సంస్థే చెబుతున్నది. ఇరవై ఏళ్లు డబ్బా నీళ్లు తాగినవారికి నల్లా నీరు బరువుగా తోచడం సహజం. నల్లా నీటిలోని క్లోరిన్ వాసన దానికి తోడవుతుంది. నీటిని మూతలేని బిందెలో కొన్ని గంటలుంచితే ఆ వాసన చాలావరకు పోతుంది.

ఆ వాసనను ఇష్టపడనివారు ఒక సంగతి గమనించాలి. క్లోరిన్ ఉన్నంతసేపు నీటికి కాపలా ఉంటుంది. ఆర్.ఓ. యంత్రంలోని బొగ్గు వడపోత క్లోరిన్‌ను తీసేస్తుంది. ఆ తరువాత డబ్బాలో చేరిన క్రిములను ఆపే శక్తి ఆ నీటికి లేదు. డబ్బా లోపలి గోడను వేలితో తాకితే జిగటగా తగిలినా, పచ్చని చారలు కనిపించినా, ఆ నీరు మీటరుపై 45 చూపినా తాగదగినది కాదు.

అమ్మకందారు వెళ్లిపోయిన సాయంత్రం మనవరాలు ఒక కాగితంపై లెక్క వేసింది. యంత్రం కొని బోరు నీటినే శుద్ధిచేసి, ఖనిజాలు మరీ పోకుండా కొంత బోరు నీటిని నేరుగా కలిపితే? ఇటువంటి కలుపుడు మరను చాలా యంత్రాల్లో బిగించే ఇస్తారు. నూటికి 30 పాళ్లు బోరు నీరు, 70 పాళ్లు శుద్ధినీరు కలిపితే కాల్షియం లీటరుకు 20 మిల్లీగ్రాములవుతుంది, మెగ్నీషియం 15 అవుతుంది, టి.డి.ఎస్. 300 దరిదాపుల్లో ఉంటుంది, రుచీ బాగుంటుంది. కాని ఫ్లోరైడు సరిగ్గా 1 మిల్లీగ్రాము దగ్గరికి చేరుతుంది. వేసవిలో బోరు నీటిమట్టం దిగి ఫ్లోరైడు కాస్త పెరిగితే గీత దాటుతుంది. కలుపుడు మరను అమ్మేవాడు టి.డి.ఎస్. కలాన్ని చూచి తిప్పుతాడు. ఆ కలానికి ఫ్లోరైడు కనిపించదని ముందే తేలింది. పైగా ఇంటి యంత్రం ఒక లీటరు నీరిచ్చేందుకు సుమారు మూడు లీటర్లు మోరీలోకి వదులుతుంది. ఫ్లోరైడు మరింత చిక్కబడిన ఆ నీరు చివరకు ఇంకేది అదే నేలలోకి.

“తాతా, మనకు యంత్రం పనిలేదు. నల్లా నీళ్లను పరీక్ష చేయిద్దాం” అన్నదామె. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ద్వారా ఆ ఊరికి వచ్చేది శుద్ధిచేసిన కృష్ణా నీరు. 320 అంకె తాగునీటి ప్రమాణమైన 500కు చాలా లోపల ఉన్నది. టి.డి.ఎస్. 500 లోపున్నచోట ఆర్.ఓ. యంత్రాలు వాడరాదని జాతీయ హరిత ధర్మాసనం 2019లో అభిప్రాయపడినది కూడా ఈ లెక్కతోనే. అయితే అంకెను నమ్మకూడదని ఆ ఇంట్లో ఆ రోజే నేర్చుకొన్నారు గనుక, తాత శుభ్రమైన సీసాలో నల్లా నీళ్లు పట్టుకొని బస్సెక్కి జిల్లా కేంద్రంలోని నీటి పరీక్షల ప్రయోగశాలకు వెళ్లాడు. క్రిముల పరీక్షకు వేరే సీసా, అక్కడివారే ఇచ్చినది, వాడవలసి ఉంటుందని చెప్పి మరోసారి రప్పించారు. ఆయన విసుక్కొంటూనే మళ్లీ వెళ్లాడు. ఫలితాల కాగితంలో ఫ్లోరైడు 0.5 అని ఉన్నది. కాల్షియం, మెగ్నీషియం కోజిషెక్ కనీస అంకెలకు రెండింతలు ఉన్నాయి. క్రిములు లేవు.

వేసవిలో పైపు పగిలి నల్లా రాని రోజులకోసం డబ్బాను పూర్తిగా మానలేదు. ఆ రోజుల్లో కూడా ఉదయం రాగి అంబలి తప్పనిసరి అని మనవరాలు పట్టుబట్టింది. అన్నం గంజి వార్చకుండా అత్తెసరు పెట్టడం మొదలైంది. గేదె రెండు రోజులు కుడితి గోలెం వైపు అనుమానంగా చూచింది.

నాయనమ్మ ఒప్పుకోలేదు. యాభై ఏళ్లు తన నడుమును వంచినది నీళ్లే కాబట్టి ఏ కొత్త నీటినీ ఆమె నమ్మదు. ఆమె భయం కాగితాలతో తీరేది కాదు. “గా నల్లా నీళ్లు నాలుకకు దొడ్డుగున్నయ్ బిడ్డా, నాకు డబ్బా నీళ్లే పొయ్యి” అన్నది. మనవరాలు వాదించలేదు. కార్తికమాసం వచ్చింది. ఒకనాడు మధ్యాహ్నం భోజనమయ్యాక పెరటి ఉసిరిచెట్టు కింద రాలిన కాయను తుడిచి నాయనమ్మకిచ్చింది. ఆమె ఉన్న నాలుగు పళ్లతో దానిని నమిలి, పులుపుకు కళ్లు చికిలించి, చేతికందిన చెంబెత్తి నాలుగు గుక్కలు తాగింది.

“ఇయ్యి మంచిగున్నయ్. ఎక్కడియే?” అని అడిగింది.

“వాకిట్లయి” అన్నది మనవరాలు.

నాయనమ్మ చెంబులోకి ఒకసారి చూచి, మిగిలిన నీళ్లు కూడా తాగింది.